ఒలికిన కాఫీ

రష్యన్ నేర్పే ఆ మేడమ్‌కు పిల్లలు పెట్టిన పేరు నిప్పుకణిక. ఆ భాషలోని అరువుమాటల్లో మెట్రో నపుంసకలింగం, కాఫీ మాత్రం పుంలింగం. దాని ముందుండే 'నా' అనే మాట కూడా ఆ లింగంలోనే ఉండాలి. "మోయ్ కోఫె" అనకుండా నపుంసకంలో "మయో కోఫె" అన్నారంటే ఆమె అగ్గిమీద గుగ్గిలమే.

ఆవేళ మౌఖిక పరీక్షలో ఒకమ్మాయి అలాగే అంది.

"మాటల్లో అలా అన్నా ఫర్వాలేదని నిఘంటువుల్లోనే ఉంది మేడమ్."

"నా గదిలో కుదరదు. ఫెయిల్!"

ఆ విసురుకు మోచేయి తగిలి బల్లమీది వేడి కాఫీ కప్పు ఆమె ఒళ్లో బోర్లాపడింది.

"ఓయ్, మయో కోఫె!" అని కెవ్వుమంది మేడమ్.

మేడమ్ ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"అన్నది... నేనేనా?"

అమ్మాయి రుమాలు అందించింది.

"మీరే మేడమ్. బాగా కాలిందా?"