పక్క గడిలోని మనిషి

బోధన్‌లో విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణం పైన ఒక గదిలో ఉంటున్న. అక్కడ కూర్చొని రోజంతా చైనా భాష చదువుత. ఊళ్లో ఈ పని చేసేది నేనొక్కన్నే కాబట్టి నాకు పోటీ లేదు. మాట్లాడేటోళ్లు కూడా లేరు. రెండిటికీ కారణం ఒకటే.

డిగ్రీలో చైనా భాష తీసుకున్నది ఏదో గొప్ప ఆలోచనతో కాదు. జర్మన్ క్లాసులో సీట్లు అయిపోయినయి. తర్వాత వేల్పూర్ దగ్గర పసుపు పాలిష్ చేసే మిషన్లు బిగించనీకి ఇద్దరు చైనా మెకానిక్‌లు వస్తే, మూడు నెలలు వాళ్లకు నోరు నేనే అయిన. మిషన్లు నడిచినయి, వాళ్లు పోయిండ్రు, భాష నా దగ్గర మిగిలిపోయింది. మిగిలిన భాషను ఎవరికీ అమ్మలేం, కోల్డ్ స్టోరేజీలో పెట్టలేం. వెతుక్కుంటే ఇంట్ల కూర్చొని చేసే ఈ పని దొరికింది.

పని ఇది. కంప్యూటరు చైనా రాతను పైకి చదవాలె. అక్కడే చిక్కు. కొన్ని అక్షరాలకు ఒకటి కంటే ఎక్కువ పలుకుబడులున్నయి. 行 అనే అక్షరం ‘నడవడం’ అయినప్పుడు షింగ్. అదే అక్షరం వెండి అనే అక్షరం పక్కన నిలబడితే రెండూ కలిసి బ్యాంకు అయితది, అప్పుడు హాంగ్. రాతలో చుక్క తేడా ఉండదు. చదివేటోడే తెలుసుకోవాలె.

నేను మొదటి ఏడాది క్లాసులో బ్యాంకును షింగ్ అని చదివిన. మేడం పుస్తకం మీద నుంచి కళ్లు ఎత్తకుండ, “నువ్వు అక్షరాన్ని చూస్తున్నవు నాయనా. దాని పక్కన ఎవరు కూర్చున్నరో చూడు” అన్నది. ఆ రోజు నుంచి విడి అక్షరాలు బట్టీ పట్టుడు మానేసి, మాటలు మాటలుగ నేర్చుకున్న. నేర్చుకునేటోళ్లందరూ చివరికి చేసేది అదే. మా బోధన్ బజార్లో కూరగాయలమ్మే అవ్వకు ఈ పాఠం ఎవరూ చెప్పలేదు గని, ఆమె మనిషి కట్టు చూసి, పక్కనున్న మనిషి మాట విని, మరాఠీ తియ్యాల్నా ఉర్దూ తియ్యాల్నా తెలుగు తియ్యాల్నా నోరు తెరవకముందే తేల్చుకుంటది. ఇన్నేళ్లల్ల ఆమె తప్పు చేసింది ఒక్కసారే, నన్ను చూసి మరాఠీలో పలకరించింది. నేను సవరించలేదు. పలకరింపు పలకరింపే.

సాఫ్ట్‌వేరు కూడా అదే చేస్తది. ముందు వాక్యాన్ని మాటలుగ విడగొడుతది. బ్యాంకు లాంటి తెలిసిన మాట దొరికితే నిఘంటువు చూసి పలుకుబడి పెడుతది. దొరకకపోతే, మనుషులు ఇంతకుముందు గుర్తులు పెట్టిన వాక్యాలల్ల ఇట్లాంటి ఇరుగుపొరుగు మధ్య ఆ అక్షరం ఎట్ల పలికిందో లెక్కగట్టి ఊహిస్తది. గుర్తులు పెట్టే ఆ మనుషులల్ల ఒకన్ని నేను. నా తెర మీద వాక్యం వస్తది, కింద మూడు గడులు. మొదటి గడిలో బూడిద రంగులో యంత్రం ఊహ. రెండో గడి నాది. మూడో గడి ఇంకొక మనిషిది.

ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. ఆడనో మగనో, ఏ ఊరో, ఏ దేశమో చెప్పొద్దని నియమం. ఒకరినొకరు చూసి రాయొద్దు కదా. వాక్యాలు వారానికొక బ్యాచ్‌గ, అంటే కట్టగ వస్తయి. అది మూసేసినంకనే ఎదుటి గడి తెరుచుకుంటది. ఇద్దరం ఒకటే రాస్తే వాక్యం ముందుకు పోతది. వేరువేరుగ రాస్తే పైన ఇంకెవరో తీర్పు చెప్తరు.

ఏడాదిన్నర ఆ గడి చూసిన. సోమవారం పొద్దున ఆ గడి తెరుచుకోవడం కోసం నేను ఎదురుచూసేటోన్నని ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గే. ఎందుకంటే మనిషి తెలుస్తున్నది. ‘జుట్టు’ పక్కన 长 ఒక్కటే ఉండి, వాక్యం అక్కడికే అయిపోతే, దాన్ని ఛాంగ్ అంటే ‘పొడుగైంది’, జాంగ్ అంటే ‘పెరిగింది’. రెండూ నడుస్తయి. నేను ఎప్పుడూ పొడుగు రాసేటోన్ని. ఆ మనిషి ఎప్పుడూ పెరగడం. ‘ఆయన 好 మాట్లాడటం’ అనే వాక్యం ఉంటది. 好ను హావ్ అని పలుకుతరు. గొంతు కిందనే ఉంచి పలికితే ‘ఆయనతో మాట్లాడుడు సులువు, అడిగితే కాదనడు’. గొంతు పైనుంచి కిందికి దించితే ‘ఆయనకు మాట్లాడుడంటే మస్తు ఇష్టం’. యంత్రం ఎక్కువగ కనబడే మొదటిదాన్నే పట్టుకుంటది. నేను కూడా యంత్రం దారే. ఆ మనిషి మాత్రం ప్రతిసారి ఇష్టం అని రాసేది. ఆ మనిషికి ఇంటినిండ పెరిగే పిల్లలు, మాట్లాడే మనుషులు ఉన్నరని నేను అనుకున్న. ఆధారం? రెండు అక్షరాలు. ఇంతకన్న తక్కువ ఆధారంతో పెళ్లిళ్లు అయితున్నయి.

ఒకరోజు సూపర్‌వైజర్ పుణె నుంచి ఫోన్ చేసింది. మాది హిందీ సంభాషణ. ఆమె మర్యాదగ మాట్లాడుతది, చెడ్డవార్త కూడా.

“సార్, మీ చైనీస్ జోడీకి సరిపోలుడు తక్కువగ వస్తున్నది. వచ్చే రెండు బ్యాచులల్ల కూడా గిట్లనే ఉంటే, మీ ఇద్దర్నీ తీసేసి పని వేరే టీముకు ఇస్తరట.”

“తప్పులు చేస్తున్నమా మేడం?”

“తప్పులని కాదు. ఇద్దరికీ కుదురుతలేదు.”

“చూసుకుంటనే లేము కదా, ఎట్ల కుదురుతది?”

ఆమె నవ్వింది గని, బ్యాచు గడువు గుర్తుచేసి పెట్టేసింది.

ఆ పని పోతే నాకు ఇంకోటి దొరకకపోయేది కాదు. నిజామాబాద్‌లో ఒక కాలేజీలో ఇంగ్లిష్ చెప్పమని అడుగుతనే ఉన్నరు. పోయేది మూడో గడి. దాన్ని పోగొట్టుకోవద్దని ఆ వారమంతా ఆలోచించి, చాలా తెలివైన పని ఒకటి చేసిన. అనుమానం ఉన్న చోటల్లా వాక్యం ఏమంటున్నదో చూసుడు మానేసి, ఆ మనిషి ఏం రాస్తదో అది రాసిన. జుట్టు పెరిగింది. ఆయనకు మాట్లాడుడు ఇష్టం. నా అలవాట్లన్నీ ఇంట్ల పెట్టి ఎదుటి మనిషి చెప్పులు తొడుక్కొని బయల్దేరిన.

సోమవారం మూడో గడి తెరుచుకుంది.

జుట్టు పొడుగైంది. ఆయనతో మాట్లాడుడు సులువు. కిందికి జరుపుకుంట పోయిన. ప్రతిచోటా నా పాత రాత. ఆ మనిషికి కూడా ఫోన్ పోయింది, ఆ మనిషి కూడా నా చెప్పులు తొడుక్కుంది. సందులో ఎదురుపడ్డ ఇద్దరు మనుషులు దారియ్యనీకి ఒకేసారి ఒకే దిక్కు జరిగినట్టయింది. అప్పుడప్పుడు కలిసేటివి కూడా ఈసారి తప్పి, మా జోడీ సరిపోలుడు అంతకుముందు కంటే ఇంకా కింద పడింది.

నేను గట్టిగ నవ్విన. ఎంత గట్టిగనంటే, కింది దుకాణం అక్క మెట్లెక్కి వచ్చింది. ఆమె నా ఇంటి ఓనరు.

“ఏమైంది తమ్మీ? ఒక్కనివే నవ్వుతున్నవు?”

“ఒక్కన్ని కాదక్కా. ఇంకొకరు కూడా నవ్వుతుండొచ్చు.”

ఆమె గదంతా చూసింది. “ఎవ్వరు లేరు గద.”

“దూరంల ఉన్నరు. నేను ఆ మనిషికి నచ్చినట్టు రాసిన, ఆ మనిషి నాకు నచ్చినట్టు రాసింది. రెండూ తప్పినయి.”

“మంచిగనే ఉన్నది. మా ఇంట్ల ఇరవై ఏండ్లాయె, నాకు నచ్చినట్టు ఒక్కరన్న చెయ్యలె,” అని, నా చేతిల గ్లాసు చూసి, “ఆ చాయ చల్లగైంది, తాగు” అనుకుంట దిగిపోయింది.

ఇంకొక్క బ్యాచే మిగిలింది. ఇప్పుడు ఏం చెయ్యాలె? పాత అలవాటుకు పోతే ఆ మనిషి కూడా పాతదానికి పోవచ్చు. ఇట్లనే ఉంటే ఆ మనిషి కూడా ఇట్లనే ఉండొచ్చు. ఊహ మీద ఊహ పెట్టుకుంట పోతే చివరికి వాక్యం కనబడకుండ అయింది. అప్పుడు మొదటిసారి వాక్యాన్ని మళ్లీ చదివిన. ‘ఆయన 好 మాట్లాడటం.’ పక్కన ఎవరు కూర్చున్నరో చూడమన్నది క్లాసులో మేడం. పక్కన ఎవరూ లేరు. ఎవరో పెద్ద రాతలోంచి ఒక్క వాక్యం కత్తిరించి మాకు పంపిండ్రు. దాన్ని తేల్చేది ముందు వాక్యం. ‘పోయి ఆయన్ని అడుగు’ అని ముందుంటే సులువు. ‘మీటింగ్‌లో ఆగడు’ అని ముందుంటే ఇష్టం. అది మా దగ్గర లేదు. లేనిదాన్ని ఇద్దరం ఏడాదిన్నర నుంచి మా మా స్వభావంతో నింపుతున్నం.

ఇందుకు ఒక గుర్తు ఉన్నది, ‘సందర్భం చాలదు’ అని. దాన్ని ఎవ్వరం వాడం. వాడితే వాక్యం మనకే తిరిగొస్తది, ఎందుకు చాలదో వివరం రాయాలె, పని రానోని లెక్క కనబడుత. పైగా నేనొక్కన్నే ఆ గుర్తు పెట్టి, ఆ మనిషి పలుకుబడి రాస్తే, అది కూడా సరిపోలనట్టే. జోడీ అక్కడికి ఖతం.

పెట్టిన. అనుమానం ఉన్న ప్రతి వాక్యానికి పెట్టి, ముందు వాక్యం కావాలె అని రాసిన. మంచితనం అనుకోవద్దు. ఊహించనీకి ఓపిక అయిపోయింది.

ఆ సోమవారం గడి తెరవకముందు స్నానం చేసి, బట్టలు మార్చుకున్న. పెళ్లిచూపులకు కూడా అంత చెయ్యలె. తెరిస్తే, నేను గుర్తు పెట్టిన ప్రతి వాక్యానికి ఆ మనిషిది అదే గుర్తు. ఒక్కటి కూడా తప్పలేదు. వివరంలో ఆ మనిషి రాసిన మాట చైనా భాషలో చిన్నగ ఉన్నది. ‘ఇంతకుముందు ఏమన్నరు?’ అంతే. చాలాసేపు దాన్నే చూసుకుంట కూర్చున్న.

వారం తర్వాత సూపర్‌వైజర్ మళ్లీ ఫోన్ చేసింది. గొంతులో సంతోషం ఉన్నది.

“కంగ్రాట్స్ సార్! మీరిద్దరూ చెప్పిందే కారణమని తేలింది. ఇప్పటినుంచి ప్రతి వాక్యానికి ముందు రెండు వాక్యాలు కూడా పంపుతరు. పాత బ్యాచు మీద పెట్టి చూసిండ్రు, తేడాలే వస్తలేవు.”

“అంటే పని ఉన్నట్టే?”

“మీకు ఉన్నది సార్. తేడాలే లేనప్పుడు ఇద్దరెందుకని, ఒక్కర్ని ఉంచుతున్నరు.”

“రెండో మనిషి?”

“వాళ్లకు వేరేగ ఫోన్ చేసి చెప్పినం.”

“ఎవరు మేడం వాళ్లు? పేరు వద్దు. ఊరన్న చెప్పుండ్రి.”

“నియమం సార్,” అన్నది. అది చెప్పేటప్పుడు ఆమెకు కూడా బాగనిపించలేదని నాకు తెలిసింది. ఆ మాటకు ముందు నేను ఏం అడిగిన్నో ఆమె విన్నది కదా.

కొత్త బ్యాచు వచ్చింది. తెర మీద ఇప్పుడు రెండే గడులు, ఒకటి యంత్రానిది, ఒకటి నాది. జాగ మిగిలింది కాబట్టి అక్షరాలు పెద్దగ కనబడుతున్నయి, కళ్లకు సుఖమే. మొదటి వాక్యంలో జుట్టు. దాని ముందు రెండు వాక్యాలు: ‘రేపు మంగలి దగ్గరికి పో. మెడ కూడా కనబడుతలేదు.’ పొడుగే. అనుమానమే లేదు. యంత్రం కూడా పొడుగే అన్నది. నేను టిక్కు కొట్టి తర్వాతి దానికి పోయిన.