రోజూ అదే టమాటా

ఆ రోజు పొద్దున టమాటా ధరల వీడియో పెట్టి, ఎంతమంది చూశారోనని ఫోన్ తెరిస్తే ఒక సందేశం వచ్చి ఉంది. నా ఛానల్‌కు డబ్బు రావడం ఆపేశారట. కారణం, ఒకే మాదిరి వీడియోలు పదేపదే పెట్టడం. నాకు ఒళ్లు మండింది. టమాటా రోజూ టమాటా గాక వంకాయ అవుతుందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మండీల్లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, ఆనాటి రేట్లు అడిగి, మదనపల్లెలో మా వంటింట్లో కూర్చుని చదివేదాన్ని. ఛానల్ డబ్బు నా ఖాతాలోనే పడేది. చీర కొనాలన్నా, పుట్టింటికి బస్సెక్కాలన్నా మా ఆయన ముందు చెయ్యి చాచే పని తప్పింది. ఇప్పుడు ఆ ముచ్చటా తీరిపోయింది.

"దొంగతనమేమన్నా సేసినావా?" అంది మా అత్త.

"లేదత్తా. పెట్టిందే పెడతాండానంట."

"అన్నీ తీసేసి మళ్లా పెట్టు," అన్నాడు మా ఆయన. ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది.

కోపం దిగాక నా వీడియోలు నేనే వరసగా చూశాను. నాలుగోదానికే ఆవలింత వచ్చింది. అన్నిట్లో ఒకే టమాటా బాక్సు ఫొటో. పలకరింపు ఒకసారి రికార్డు చేసుకుని రోజూ అదే అతికించేదాన్ని, మధ్యలో వచ్చిన దగ్గుతో సహా. "దగ్గు ఇంకా తగ్గలేదా తల్లీ, మిరియాల కషాయం తాగు" అని నిమ్మనపల్లె రైతొకాయన కింద రాశాడు. ఛీ, నా బతుకు!

సందేశం మళ్లీ నిదానంగా చదివాను. వీడియోలు ఎక్కడికీ పోవు. అప్పీలు చేసుకోవచ్చు. మనం ఎలా తయారుచేస్తామో చూపిస్తూ ఒక వీడియో తీసి పంపాలి. చేసేది నేనేనని చూపాలంటే నేను కనపడాలి. అత్త అసలు ఛానల్‌కు ఒప్పుకున్నదే కోడలి ముఖం కనపడదని.

"ఇది మనం లింకు పంపినోళ్లకే కనపడుతుంది అత్తా, ఊరికి కాదు."

"ఎవురూ సూడరంటే సరే. నేనే తీస్తా పద."

మార్కెట్ యార్డులో వీడియో తీయడానికి అత్త ఫోన్ ఎత్తగానే రైతులు, కూలీలు వేలం వదిలేసి మా చుట్టూ మూగారు. "రేట్లు సెప్పే గొంతు నీదేనామ్మా?" అని ఒకాయన అరిచాడు. "పక్కకు జరగండప్పా, అడ్డం!" అని అత్త గదిమింది.

అప్పీలు తిరగ్గొట్టారు. పాతవన్నీ అలాగే ఉంటే ఒక్క వీడియో ఏం చేస్తుంది? వీడియోల తీరు మార్చి, గడువు దాటాక మళ్లీ దరఖాస్తు చేసుకోమన్నారు. మార్చడమంటే రోజూ యార్డుకు పోయి, ఊరందరికీ కనపడేలా మాట్లాడడమే. నాకు ఏడుపు ఆగలేదు.

"వదిలెయ్. నీకు కావాల్సింది నన్నడుగు, ఇస్తా," అన్నాడు మా ఆయన.

అత్త కొడుకు వైపు ఒక చూపు చూసింది.

"నేను మీ నాయన్ను అడిగి అడిగి సచ్చినా. అది సాలు," అని నా వైపు తిరిగింది. "యార్డంతా సూసినాక ఇంగ దాసేదేముండాది? రేపు పొద్దున్నే పో. వంట నేను సేస్తా."