అంచున ఆగని చుక్కలు

ఇరవై రెండేళ్లు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి కాబట్టి ఆమెను అందరూ మాస్టరమ్మ అనేవారు. అక్కడ ఒకేసారి ఎనభై పొరలు పరిచి మిషను కత్తితో కోసేవాళ్లు. మిగిలిన ముక్కలు రోజూ సాయంత్రం లారీకెక్కి చెత్తలోకి పోయేవి. ఆ గుట్టను చూసినప్పుడల్లా ఆమెకు ప్రాణం ఉసూరుమనేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, యాభయ్యో ఏట, చెల్లెలి కూతుర్ని వెంటబెట్టుకుని మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుంది.

ఆమె ఆలోచన సులువైనదే. చేమగ్గం మీద బట్ట ముప్పై ఆరు అంగుళాల వెడల్పు వస్తుంది. ఆ వెడల్పును ఉన్నదున్నట్టు వాడుకుని, వంపు కోత ఒక్కటీ లేకుండా, చదరపు ముక్కలతోనే పొట్టి కోటు కుట్టాలి. చంకలో పడే చిన్న ముక్క కూడా జేబు అయిపోతుంది. ఇంకా ఏమైనా మిగిలితే ల్యాప్‌టాప్ సంచి, అదీ కాకపోతే జుట్టుకు కట్టుకునే రబ్బరు. నేతగాళ్ల ఇళ్లకు తానే వెళ్లి బట్ట తెచ్చుకునేది, మధ్యలో దళారి లేడు. ప్రతి కోటు లోపలి జేబులో ఒక చీటీ పెట్టేది: ఎవరు నేశారు, ఎన్ని రోజులు పట్టింది, ఎలా ఉతకాలి.

ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు ఆ కోట్ల కంటే ముందు ఆ చీటీలను ఇష్టపడ్డారు. ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్మే పని చెల్లెలి కూతురిది. ఎవరైనా వ్యాపారం ఎలా ఉందని అడిగితే, "మా పెద్దమ్మ కోట్లలో వ్యాపారం చేస్తోంది" అని నవ్వేది.

అలా రెండేళ్లు గడిచాక ఒక పెద్ద ఆఫీసు నుంచి నలభై కోట్లకు ఆర్డరు వచ్చింది. కొత్తగా చేరేవాళ్లకు కానుకగా ఇస్తారట. ముగ్గురు నేతగాళ్ల ఇళ్లకు ఆ బట్ట నేసే పని పంచింది మాస్టరమ్మ. అందరికంటే ఎక్కువ వాటా తీసుకున్నది ఆమె బాబాయ్ అని పిలిచే పెద్దాయన. మొదటి కోటుకు బట్ట ఇచ్చింది ఆయనే. ఆమె తొందర చూసి, చెప్పిన రోజుకే నీలిరంగు బట్ట తాను పంపించాడు కూడా.

మంగళవారం పొద్దున్న ఆ తానును బల్ల మీద పరిచి, సుద్దముక్క తీసుకుని అంచు వెంట గీత గీయబోయింది. చెయ్యి ఆగిపోయింది.

చేమగ్గం మీద నేసేటప్పుడు బట్ట లోపలికి ముడుచుకుపోకుండా, రెండు కొసలకూ సూదులున్న ఒక కర్రను అడ్డంగా గుచ్చి సాగదీసి పడతారు. కాస్త నేశాక ఆ కర్రను తీసి ముందుకు జరుపుతారు. అందుకని అంచుల్లో సూది గుర్తులు గుంపులు గుంపులుగా, మధ్యలో ఖాళీలతో ఉంటాయి. ఒక గుంపు దగ్గరగా, ఇంకోటి కాస్త దూరంగా, మనిషి జరిపినట్టే. మరమగ్గంలో కర్రకు బదులు ముళ్ల చక్రాలుంటాయి. బట్టతో పాటే తిరుగుతాయి. వాటి గుర్తులు రైలు పట్టాలా ఆగకుండా పోతాయి.

బల్ల మీద బట్టకు చుక్కలు ఎక్కడా ఆగలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే వరస.

ఆమె స్టూలు మీద కూలబడి, పోయిన నెల అదే ఇంటి నుంచి వచ్చిన తానులో మిగిలిన ముక్కలు వెతికింది. సంచీ అడుగున అంచున్న ముక్క ఒకటి దొరికింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు పట్టింది. అందులోనూ చుక్కలు ఆగలేదు.

ఆ తానులో కుట్టిన తొమ్మిది కోట్లు అప్పటికే అమ్ముడుపోయాయి. తొమ్మిది జేబుల్లోనూ 'చేతితో నేసినది' అని ఆమె చేతిరాతతో చీటీలున్నాయి.

చెల్లెలి కూతుర్ని పిలిచి చూపించింది. ఆ పిల్ల కాసేపు బట్టనే చూసి, "నూలు అదే, రంగు అదే పెద్దమ్మా. ఎవరికి తెలుస్తుంది?" అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

మధ్యాహ్నం ఫోను మోగింది. ఆర్డరిచ్చిన ఆఫీసమ్మాయి. శుక్రవారం కెమెరాతో వస్తున్నామని, కోటు బట్ట నేసే పెద్దాయన మగ్గం మీద కూర్చుని ఉండగా చిన్న వీడియో తీసుకుంటామని హుషారుగా చెప్పింది. మాస్టరమ్మ సరేనంది. ఏం సరేనందో తనకే తెలియలేదు. రెండేళ్ల పేరు మూడు రోజుల్లో మట్టికొట్టుకుపోతుందన్న ఆలోచన గుండెల మీద బండలా కూర్చుంది.

బుధవారం తెల్లారగానే బస్సెక్కింది. నేతగాళ్ల వీధి మలుపు తిరుగుతుంటే ఎప్పుడూ బాబాయ్ మగ్గం చప్పుడే ముందు వినిపించేది. ఆ రోజు వినపడలేదు. అడగడానికి వస్తున్న మాట కంటే వినబోయే మాటకే ఎక్కువ భయపడింది.

బాబాయ్ భార్య పిన్ని తలుపు తీసి, మంచినీళ్లిచ్చి, ఏమీ అడగకుండా పక్కకు తప్పుకుంది. బాబాయ్ కాళ్లు పెట్టుకునే మగ్గం గుంట పక్కన గోడకానుకుని కూర్చున్నాడు. మగ్గం మీద నిలువు దారాల పడుగు ఎక్కించి ఉంది కానీ దాని మీద దుమ్ము పట్టింది. సగం నేసి వదిలేసిన జానెడు బట్ట మీద పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె అడ్డంగా పడి ఉంది.

మాస్టరమ్మ సంచీలోంచి నీలిరంగు ముక్క తీసి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన వేలితో అంచు తడిమాడు. తల ఎత్తలేదు.

"ఎన్నాళ్లయింది బాబాయ్?" అని మెల్లగా అడిగింది.

"రెండు నెలలు," అన్నాడు. "కుడిచెయ్యి భుజం దాటి లేవట్లేదు. వేళ్లు మొద్దుబారిపోతున్నాయి. నాడె తాడు లాగలేకపోతున్నా. నూలు మనదేనమ్మా, రంగు కూడా నేనే అద్దించా. నేత మాత్రం వెనక వీధి షెడ్డులో చేయించా."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా."

ఆయన మొదటిసారి ఆమె వైపు చూశాడు. "చెబితే ఇంకో ఇంటికి ఇచ్చేస్తావని భయం వేసింది. పద్నాలుగు రోజులు దాటితే వేరే చోట నేయిస్తానని నువ్వే అన్నావు."

అన్నది. ఫోన్లో, ఇంకేదో పని చేసుకుంటూ అన్నది. ఫ్యాక్టరీలో తన మీద మేనేజరు ఎలా అరిచేవాడో అచ్చం అదే గొంతుతో అన్నది. అప్పుడు గుర్తుకు రాలేదు, ఇప్పుడు చెవుల్లో గింగురుమంది. పోట్లాడదామని వచ్చిన మనిషి ఆయన ఒళ్లోని ముక్కను తీసి మళ్లీ సంచీలో పెట్టుకుంది.

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ పిన్ని నోరు విప్పింది. మధ్యాహ్నాలు ఆయన పడుకుంటే ఇన్నేళ్లూ ఆ మగ్గం మీద కూర్చున్నది తానేనని, ఇప్పుడూ నేయగలనని చెప్పింది. "మెల్లగా నేస్తాను. రోజుకి రెండు మీటర్లు. నీ చీటీ మీద నా పేరు ఎప్పుడూ లేదు కాబట్టి నన్నెవరూ అడగలేదు," అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే మాస్టరమ్మకు మరింత గుచ్చుకుంది. చేతితో నేసినదని రాయడం ఒక్కటే కాదు, ఎవరి చేతితోనో కూడా తాను సరిగ్గా కనుక్కోలేదు.

తిరుగు బస్సులో దారంతా రెండు మనసులతో కొట్టుకుంది. శుక్రవారంలోపు ఏదో ఒక సాకు చెప్పి వీడియో తప్పించవచ్చు. బాబాయ్ ఇంటిని పక్కకు పెట్టి ఇంకో ఇంట్లో తీయించవచ్చు. చిన్న అబద్ధం, నలభై కోట్ల ఆర్డరు నిలబడుతుంది. కానీ తొమ్మిది చీటీలు ఎక్కడో తొమ్మిది ఇళ్లలో ఉన్నాయి, వాటిని ఏ సాకూ తుడిచేయలేదు.

గురువారం పది గంటలకు ఆఫీసమ్మాయికి ఫోన్ చేసింది. రెండుసార్లు రింగు వినపడకముందే పెట్టేసింది. మూడోసారి చెల్లెలి కూతురు పక్కన కూర్చుని ఆమె ముంజేయి పట్టుకుంది. మాస్టరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. బట్ట మరమగ్గంలో నేసిందని, తాను గమనించకుండా తొమ్మిది కోట్లు అమ్మానని, బాబాయ్ చెయ్యి సంగతి, తాను పెట్టిన గడువు సంగతి.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేదా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"తెలిసేది కాదు."

"మరి ఎందుకు చెప్పారు?"

"ఆ చీటీ రాసింది నేనమ్మా," అంది మాస్టరమ్మ.

పైవాళ్లతో మాట్లాడి చెబుతానని ఆ అమ్మాయి పెట్టేసింది. ఆ సాయంత్రమంతా ఇద్దరూ కూర్చుని తొమ్మిది మందికీ విడివిడిగా రాశారు. డబ్బు వెనక్కిస్తామని, కోటు పంపేయవచ్చని. పంపే మీట నొక్కిన ప్రతిసారీ చెల్లెలి కూతురు కళ్లు గట్టిగా మూసుకునేది.

జవాబులు ఒక్కటొక్కటిగా వచ్చాయి. ఐదుగురు కోటు ఉంచుకుంటామన్నారు, సరైన చీటీ పంపమన్నారు. ఇద్దరు తిరిగి పంపారు. ఒకరు అసలు పలకలేదు. తొమ్మిదో ఆమె మాత్రం, మిమ్మల్ని నమ్మి నా స్నేహితులందరి చేతా కొనిపించాను, ఇప్పుడు వాళ్లకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి అని అందరికీ కనబడేలా రాసింది. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఆ నెలంతా కొత్త ఆర్డర్లు దాదాపు రాలేదు.

ఆఫీసు వాళ్లు నలభైని పదిహేనుకు తగ్గించారు. ఆరు వారాలు ఆగుతామన్నారు. బాబాయ్ పంపిన తానులను పెద్దమ్మా చెల్లెలి కూతురూ మరమగ్గం బట్ట అనే చీటీలో రాసి, సంచులకు లోపలి బట్టగా వాడేశారు. మాస్టరమ్మ పట్టుబట్టి బాబాయ్‌ను డాక్టరుకు చూపించింది. మెడలో నరం నొక్కుకుపోయిందట. చెయ్యి కొంత వరకే తిరిగి వస్తుందని చెప్పాడు. గడువులు ఇకమీదట నేసే ఇంటివాళ్లే చెప్పాలని, కోటు కొనేవాళ్లే ఆగాలని మూడిళ్లలోనూ మాట అనుకున్నారు. దాంతో కొందరు కొనడం మానేశారు కూడా.

కెమెరా వాళ్లు నాలుగో వారంలో వచ్చారు. మాస్టరమ్మ గోడ వారన నిలబడింది. ఏం అడుగుతారో, పిన్ని ఎక్కడ తడబడుతుందో అని చూస్తోంది. పిన్ని గుంటలోకి కాళ్లు జారవిడిచి కూర్చుంది. ఈ బట్ట ఎన్ని రోజుల నుంచి నేస్తున్నారని ఆఫీసమ్మాయి అడిగింది.

పిన్ని నాడె తాడు ఒకసారి లాగి, పేకను దగ్గరకు కొట్టి, "ఈ బట్టా, నేనా?" అంది. "బట్టయితే తొమ్మిది రోజులు. నేనైతే ముప్పై ఏళ్లు."

కెమెరా వెనక ఉన్న కుర్రాడు ఇంకోసారి చెప్పమన్నాడు. ఆమె చెప్పింది.