ఒక మార్కు జవాబు

మా ఆయనకు గుండె ఆపరేషన్ అయ్యాక, ఇక హోటల్లో పరుగులు కుదరవన్నారు డాక్టర్లు. తిరుపతి బస్టాండు దగ్గరి మా భోజన హోటల్లో టేబుళ్ల దగ్గర అందరినీ చూసుకునే ఫ్లోరు పనీ ఆయనదే, లెక్కలూ ఆయనవే. మేనేజర్ను పెట్టుకుందామంటే ముఖం ముడుచుకున్నాడు.

"నా కుర్చీలో ఎవుణ్ణి కూర్చోబెడతావు మే?"

"మీరు ఏనాడు కూర్చున్నారని అది మీ కుర్చీ?" అన్నాను. నా నోటికి గడియ లేదని పుట్టింట్లోనే పేరు.

చూడగానే నచ్చినవాణ్ణి పెట్టుకోవడం ఆయన పద్ధతి. ఈసారి సాగనివ్వలేదు. వచ్చినవాళ్లందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో. సగం ఫ్లోరు మీద, సగం లెక్కల మీద. ఐదు మార్కుల జవాబు ఎలా ఉండాలి, మూడుకు ఎలా, ఒకటికి ఎలా అని ముందే రాసిపెట్టాను. ఇద్దరం విడివిడిగా మార్కులు వేసి, ఆ తర్వాతే మాట్లాడుకోవాలి. వేసిన మార్కు మార్చితే పాతది కొట్టేసి పక్కన కారణం రాయాలి. లెక్కల్లో సగం మార్కులు రాకపోతే ఫ్లోరులో ఎన్ని వచ్చినా వద్దు.

మొదట వచ్చినవాడు చిత్తూరు కుర్రాడు, మాటకారి. ఆదివారం మధ్యాహ్నం టేబుళ్లన్నీ నిండి ఉండగా, చెప్పకుండా బస్సెడు యాత్రికులు దిగితే ఏం చేస్తావని అడిగాను.

"నేనే ప్లేట్లెత్తుకొని పరిగెత్తతానక్కా. ఒక్కరినీ నిలబెట్టను."

మా ఆయన కళ్లు మెరిసినాయి. రాత్రి అమ్మకానికీ వచ్చిన డబ్బుకూ తేడా వస్తే? "ఏదో ఒక బిల్లు క్యాన్సిల్ కొట్టి సరిపెడతా."

తర్వాత వచ్చింది శ్రీసిటీలో ఫ్యాక్టరీ క్యాంటీన్ నడిపిన ఆమె. "బస్సోళ్లకు ఎంతసేపు పడుతుందో ఉన్నదున్నట్టు చెప్తానమ్మా. వంటింట్లో ఏముండాదో కనుక్కొని దఫాలుగా కూర్చోబెడతా. నేను మాత్రం వాకిలి వదలను." తేడా వస్తే నగదు, కార్డు, ఫోన్ చెల్లింపులు విడివిడిగా చూసి, రద్దయిన బిల్లులు చూసి, అప్పటికీ తేలకపోతే తేడాను తేడాగానే రాసి మాకు చెప్తానంది.

కాగితాలు పక్కపక్కన పెట్టాం. బస్సు ప్రశ్నకు కుర్రాడికి ఆయన ఐదు వేశాడు, నేను ఒకటి.

"ఒకటా? నేను ఇన్నేండ్లూ చేసింది అదే గదా."

"అవును. మిమ్మల్ని చూసే రాసినా ఒక మార్కు జవాబు. గుండె నొప్పొచ్చి ప్లేట్లతో పడిపోయినారే, ఆ పొద్దు వాకిట్లో ఎవరున్నారు? గల్లా దగ్గర ఎవరున్నారు?"

లెక్కల్లో ఆ కుర్రాడు ఎలాగూ పోయాడు. అక్కడితో ఊరుకోవచ్చు. నేను ఊరుకునే మనిషినా? ఆయన కాగితం తన వైపు లాక్కున్నాడు. ఐదు కొట్టేసి ఒకటి వేశాడు. కారణం దగ్గర, "వీడికీ ఇంట్లో భయపడేది ఒకతి ఉంటుంది" అని రాశాడు.

నేను ఆ కాగితం మడిచి దాచి, క్యాంటీన్ ఆమెకు ఫోన్ చేశాను.

ఆమె చేరిన తర్వాత ఒక ఆదివారం బస్సు ఆగింది. ఆమె వాకిట్లోనే నిలబడి, మెల్లగా అందరినీ సర్దుతోంది. గల్లా పక్క కుర్చీలోంచి మా ఆయన సగం లేచి, నన్ను చూసి కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మాత్రం ప్లేట్లు పేర్చుకోవడానికన్నట్టు మడిచే ఉంది. నేను చూడనట్టు వాకిలి వైపు తిరిగాను.