రేవతి నక్షత్రం దాకా ఆగిన పాలు

మా చిన్నప్పుడు... తెల్లారేసరికి మా వీధి అరుగు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. అమలాపురంలో కొబ్బరికాయల కొట్టు తెరవాలని ఒకరు, పొలం కొనడానికి ఏ రోజు బాగుంటుందని మరొకరు...

మా నాన్నగారు గూట్లోంచి పంచాంగం తీసి, వేళ్ల కణుపుల మీద లెక్క మొదలెట్టేవారు. తిథి, వారం, నక్షత్రం చూసి, వర్జ్యం, దుర్ముహూర్తం తప్పించి, లగ్నం కట్టేవారు. "తమరి జన్మనక్షత్రం ఏంటండీ?" అని అడగకుండా మాత్రం ఏదీ చెప్పేవారు కాదు.

ఆయన పెట్టిన ముహూర్తాలకి ఊళ్లో ఎన్ని ఇళ్లలో పాలు పొంగాయో! మేం మాత్రం తాటాకింట్లో, వాన వస్తే చూరు కింద గిన్నెలు పెట్టుకుంటూ ఉండేవాళ్లం.

నాకు పదేళ్లప్పుడు, యాభైల మొదట్లో, పక్క దొడ్లోనే మాకూ ఓ పెంకుటిల్లు లేచింది. అప్పటికే అమ్మ మంచాన పడింది... దగ్గు, జ్వరం, విడవకుండా. అయినా ఓపిక చేసుకుని, పాలు పొంగించడానికని ఇత్తడి గిన్నె ఒకటి చింతపండుతో తోమి, గుడ్డలో చుట్టి తలాపున పెట్టుకుంది. ఆ ఇంట్లో తన చేత్తో పాలు పొంగించాలి... అమ్మకున్న కోరిక అదొక్కటే.

ఇల్లు పూర్తయ్యేసరికి శుక్ర మూఢం వచ్చిపడింది. శుక్రుడు కనబడని ఆ రోజుల్లో గృహప్రవేశం పనికిరాదు. మూఢం వదిలేసరికి ఆషాఢం. అది శూన్యమాసం, అందులోనూ కుదరదు. అమ్మ గోడకి జారబడి, కిటికీలోంచి ఆ ఎర్రటి పెంకుల వైపు చూస్తూ ఉండేది.

శ్రావణం వచ్చింది. శుద్ధ సప్తమి, శుక్రవారం, చిత్తా నక్షత్రం, పొద్దు పొడిచాక సింహలగ్నం. స్థిరలగ్నం కదా, ఇంటికి చాలా మంచిది. నాన్నగారి మొహం వెలిగింది. అంతలోనే తారాబలం లెక్కపెట్టి పంచాంగం మూసేశారు.

"ఏమైందండీ?" అంది అమ్మ.

"నీది పుష్యమి. పుష్యమి నుంచి లెక్కపెడితే చిత్త ఏడోదవుతోంది. నైధన తార."

"యజమాని మీరు కదండీ... మీది చూసుకుంటే చాలదా?"

"కొంగుముళ్లు వేసుకుని ఇద్దరం కలిసి గడప దాటాలి. నైధనం అంటే చావని తెలిసీ నిన్నెలా నడిపించమంటావు? బహుళ పంచమి, గురువారం, రేవతి. నీకు సంపత్తార. నాకూ బాగుంది. ఇంకెంతో లేదు, ఓపిక పట్టు."

"ఆయ్... అలాగేనండీ," అంది అమ్మ.

సప్తమి నాడు నేనే పట్టుకుంటే అమ్మ పక్క దొడ్డి దాకా నడిచింది. ఆ ఒక్కరోజూ కొంచెం తేలిగ్గా ఉంది తనకి. కొత్తింటి గుమ్మం చేతితో తడిమింది గాని, కాలు లోపల పెట్టలేదు.

పున్నమి వెళ్లిన మర్నాడు అమ్మ పోయింది. రేవతి ఇంకా నాలుగు రోజులుంది...

పోయిన ఘడియ ఎలాంటిదో చూడాలి. చూడగలిగింది ఆ ఊళ్లో నాన్నగారొక్కరే. అమ్మ పక్కనే కూర్చుని పంచాంగం తీశారు. వేళ్ల కణుపుల మీద రెండుసార్లు లెక్కపెట్టారు. "ధనిష్ఠ..." అన్నారు.

ధనిష్ఠలో పోతే ఆరు నెలలు ఎవరూ ఉండకుండా ఆ ఇల్లు పాడుపెట్టాలి. ఏడాది మైల ఉన్నవాళ్లని ఎవరింటికి రానిస్తారు? పన్నెండు రోజులూ గడిచాక తాటాకింటికి తాళం వేసి, మూటలతో కొత్తింటికే వెళ్లాం. "ఏడాది తిరక్కుండా గృహప్రవేశం ఏమిటండీ, శాస్త్రం తెలిసినవారు!" అని ఎవరో అన్నారు.

"ఇది ప్రవేశం కాదండీ. పిల్లలు తలదాచుకోడం," అన్నారు నాన్నగారు.

మామిడి తోరణం లేదు, పాలు పొంగింది లేదు. పెరటి గుమ్మంలోంచి ఒక్కొక్కరం లోపలికి వెళ్లాం. ఏ పంచాంగం అమ్మని ఆ గడప దాటనివ్వలేదో, అదే మమ్మల్ని అందులోకి తోసింది. ఇప్పటికీ నాకు ఆ పుస్తకం మీద కోపమే. నాన్నగారి మీద మాత్రం లేదు... ఆయన భయపడింది అమ్మ కోసమే కదా.

ఏడాది తిరిగాక, ఇప్పుడైనా పాలు పొంగించమన్నారు చుట్టాలు. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇత్తడి గిన్నె గుడ్డ విప్పకుండానే అటక మీద ఉండిపోయింది.

ముహూర్తాలు పెట్టడం ఆయన మానలేదు. అరుగు మీదికి మళ్లీ జనం వచ్చేవారు. కాని గృహప్రవేశానికైతే జన్మనక్షత్రం కంటే ముందు ఇంకో మాట అడిగేవారు. "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అండీ?" అవునంటే తారాబలం లెక్కపెట్టేవారు కాదు. "రేపే పొంగించెయ్యండి," అనేవారు.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో నొక్కితే చాలు, క్షణంలో ముహూర్తం వచ్చేస్తోంది. అన్నీ అడుగుతుంది ఆ ఫోను... ఊరు, తేదీ, నక్షత్రం. నాన్నగారు ముందుగా అడిగే మాట ఒక్కటే అడగదు.

మీ ఇంట్లో మొదటిసారి పాలు పొంగించిన చెయ్యి ఎవరిదండీ? గుర్తుంటే చెప్పండి... వినాలని ఉంది.