పిల్లి లోపలుంది, పిలవద్దు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను గార్లదిన్నె వైపు ఒక చిన్న ఊరి పశువుల ఆసుపత్రికి వేశారు. తొంభైల చివరి రోజులు. వానలు మొహం చాటేసిన కాలం. ఆసుపత్రికి వచ్చేవన్నీ గొర్రెలు, మేకలు, డొక్కలెండిన ఎద్దులు. నట్టల మందు తాగించడం, గొర్రెలకు సూదులు వేయడం, ఈనలేక అవస్థ పడే బర్రె కడుపులోంచి దూడను లాగడం, ఇవే నా పనులు. కుక్కను తెచ్చేవాళ్ళే అరుదు. పిల్లిని వైద్యానికి తెచ్చిన మనిషిని ఆ ఊళ్ళో మొదటిసారి చూసింది ఒక మధ్యాహ్నం.

ఆయన ఆ ఊరి పెద్ద రైతు. ఎండిపోయిన బోర్లూ, పంచాయతీ రాజకీయమూ, ఒక పాత జీపూ ఉన్న మనిషి. గొంతు పెద్దది. మామూలుగా మాట్లాడినా ఎవరితోనో తగాదా పడుతున్నట్టుండేది. ఆయన చేతిలో మూతి కట్టిన గోనెసంచి ఉంది. అది కదులుతోంది.

"డాక్టరమ్మా, మా ఇంటామె పిల్లి. ముళ్ళకంచెలో పడి తొడ చీరుకపోయినాది. దీనికేమన్నా అయితే మా ఇంట్లో పొయ్యి వెలగదు, చూసుకో" అన్నాడు.

నేను ఆగమనేలోపే సంచి మూతి విప్పేశాడు. పిల్లి ఒక్క ఎగురు ఎగిరి బల్ల మీద సూదుల ట్రే పడేసి, మందుల బీరువా కిందకు దూరిపోయింది. కిందికి వంగి చూస్తే చీకట్లో రెండు పెద్ద కళ్ళు. చెవులు తలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఆయన చెయ్యి పెట్టాడు. వెంటనే తీసేశాడు. మణికట్టు మీద నాలుగు ఎర్ర గీతలు.

"నా ఇంటి కూడు తినేది నన్నే బరుకుతాదా!" అని మూలనున్న కట్టె అందుకున్నాడు.

"కట్టె పెట్టేయండి. ముందు చెయ్యి సబ్బుతో బాగా కడుక్కోండి, తర్వాత మనుషుల డాక్టరుకు చూపించుకోండి. దాన్ని మనం లాగొద్దు" అన్నాను.

తిరుపతిలో చదువుకునేటప్పుడు పిల్లుల వార్డులో మా మేడమ్ ఒకావిడ ప్రతి బోనులోనూ ఒక అట్టపెట్టె పెట్టించేది. మేము నవ్వుకునేవాళ్ళం. పెట్టె ఉన్న పిల్లి తొందరగా కుదుటపడి తిండి ముట్టేది. పెట్టె లేనిది బోను మూలకు ముడుచుకుని గుర్రుమంటూనే ఉండేది. అది గుర్తొచ్చింది. సెలైన్ సీసాలు వచ్చిన పెట్టె ఒకటి ఖాళీగా ఉంది. దాని ఇనుప పిన్నులు పీకేసి, పక్కకు పడుకోబెట్టి, మూతి బీరువా వైపు తిప్పి గోడవారగా పెట్టాను. ఆయన తెచ్చిన గోనెసంచినే మడిచి లోపల పరిచాను.

"ఆ సంచి మీదేనా అది ఇంట్లో పడుకునేది?"

"అవును. దాని వాసన కొడతాంటాది."

"ఆ వాసనే కావాలి. తెలియని చోట తన వాసన ఒక్కటే దానికి ధైర్యం."

బయట గొర్రెల మంద ఒకటి కాచుకుని ఉంది. ఆయన్ను గుమ్మం అవతల అరుగు మీద కూర్చోబెట్టి, నేను గొర్రెలకు మందు తాగించడానికి పోయాను. తిరిగొచ్చి కిటికీలోంచి చూస్తే బీరువా కింద ఏమీ లేదు. పెట్టెలో తోక చివర కనిపిస్తోంది. మెల్లగా వెళ్ళి పెట్టెను నిలబెట్టి, మీద తువ్వాలు కప్పాను. లోపల నుంచి చప్పుడు లేదు. పిల్లిని బయటికి తీయకుండానే, తువ్వాలు ఒక పక్క మాత్రమే ఎత్తి, తొడ మీది గాయాన్ని సెలైన్‌తో కడిగి సూది వేశాను. తల తువ్వాలు కిందే ఉండడంతో అది ఒకసారి మూలిగి ఊరుకుంది.

ఆయన గుమ్మంలోంచి ఆశ్చర్యంగా చూస్తూ నిలబడ్డాడు. "ఇంత పులి, అట్టడబ్బాలో పడితే పిల్లి అయిపోయినాదే!"

"భయపడితే కుక్క మొరుగుతుంది, కరుస్తుంది, యజమాని దగ్గరికి పరిగెడుతుంది. పిల్లి దాక్కుంటుంది. ఎలకలకు అది పులే. కుక్కలకూ నక్కలకూ అదే తిండి. అందుకే వెనకనుంచి ఎవరూ రాలేని చోటు వెతుక్కుంటుంది. మూడు వైపులా గోడ, ముందు ఒక్క దారి. అక్కడనుంచి తను అందరినీ చూడొచ్చు. మామూలప్పుడు కూడా అంతే, ఆడుకోవడానికీ మాటు వేయడానికీ అలాంటి చోటే కావాలి దానికి."

"మరి మా ఇంట్లో మెత్తటి పరుపు ఉండాది కదా?"

"పరుపుకు గోడలు లేవు. పైగా అట్ట వెచ్చగా ఉంటుంది. మనకు చాలే వెచ్చదనం పిల్లికి చాలదు, ఒళ్ళు ఆనించుకుని పడుకుంటే దాని వేడే దానికి తిరిగొస్తుంది."

మరునాడు ఆయన భార్యే జీపులో వచ్చింది. సన్నగా, తల వంచుకుని మాట్లాడే మనిషి. వెంట ఒక పెట్టె తెచ్చింది. పిల్లిని ఇంట్లో పెట్టడానికి పనికొస్తుందా అని చూపించింది. వాసన చూస్తే పురుగుల మందు పెట్టె.

"అమ్మా, ఇది వద్దు. అట్ట మందును పీల్చుకుని ఉంటుంది. పిల్లి ఒళ్ళు రాసుకుంటుంది, తర్వాత నాక్కుంటుంది. ప్రాణం మీదికొస్తుంది. బిస్కెట్ల పెట్టె దొరికితే అది పెట్టు."

ఆమె భయపడి పెట్టెను అక్కడే వదిలేయబోయి, మళ్ళీ తీసుకుని, ఎవరూ ముట్టకుండా కాల్చేయాలా అని అడిగింది. కాలిస్తే పొగ కూడా మంచిది కాదు, గుంత తీసి పూడ్చమన్నాను. ఇంకా కొన్ని చెప్పాను. పెట్టె జనం తిరిగే చోట కాకుండా మూలకు పెట్టాలి. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం రెండో పక్కా ఒక దారి ఉండాలి, అప్పుడు ఇరుక్కుపోయాననుకోదు. లోపలున్నప్పుడు చెయ్యి పెట్టి లాగకూడదు. తిండీ నీళ్ళూ దగ్గర్లో ఉండాలి. గుడ్డ మరీ మాసిపోతే తప్ప ఉతకొద్దు. ఎండాకాలం మాత్రం పెట్టెను పక్కన పెట్టేసి, చల్లటి బండల మీద పడుకోనివ్వాలి.

"ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. రోజంతా పెట్టెలోనే ఉండి తిండి ముట్టకపోతే అది భయం కాదు, రోగం. వెంటనే తీసుకురా."

"అది లోపల ఉన్నప్పుడు నేను పక్కన కూచోవచ్చా?" అని అడిగింది.

"కూర్చో. మాట్లాడకుండా కూర్చో."

గాయం మానింది. పిల్లి వాళ్ళింట్లో శనక్కాయల బస్తాలు పెట్టే గదిలో, బిస్కెట్ల పెట్టెలో కాపురం పెట్టిందని ఆయనే చెప్పాడు. ఇంట్లో మనిషికంటే దానికే మర్యాద ఎక్కువైందని గొణిగాడు కూడా.

ఆ తర్వాత పంచాయతీ ఎన్నికలొచ్చాయి. సర్పంచి స్థానం ఆడవాళ్ళకు రిజర్వ్ అయింది. ఆయన పోటీ చేయలేక భార్యను నిలబెట్టాడు. ఆమె ఇల్లిల్లూ తిరగడం నేను చూశాను. ఆయన ముందు, జనం వెనక, మధ్యలో ఆమె. చేతులు జోడించి ఉండేది, నోరు విప్పేది కాదు.

లెక్కింపు రోజు సాయంత్రం వాళ్ళ వీధిలో ఒక ఆవును చూడడానికి వెళ్ళాను. ఆమె గెలిచింది. వీధంతా తప్పెట్లు. గుమ్మం ముందే లక్ష్మీ బాంబులు పేలుస్తున్నారు. పొగలో ఒకరి మొహం ఒకరికి కనిపించడం లేదు. ఆయన నన్ను చూసి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మెడ నిండా దండలు.

"డాక్టరమ్మా, దేవుడు పంపినట్ల వచ్చినావు. పిల్లి యాడికో పోయినాది. ఇంటామె దాన్ని ఎతుక్కుంటా లోపలికి పోయినాది, బయటికి రాలేదు. జనం దండలు పట్టుకోని నిలబడినారు. నువ్వు పోయి ఆ పిల్లిని తీసిచ్చేయ్, ఆమె వస్తాది."

లోపలికి వెళ్ళాను. శనక్కాయల గది తలుపు ఓరగా ఉంది. బస్తాల మధ్య సందులో బిస్కెట్ల పెట్టె, దాని పక్కన గోడకు వీపు ఆనించి, కొత్త పట్టుచీరలో ఆమె. మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుని ఉంది. పెట్టెలో పిల్లి ముడుచుకుని ఉంది. ప్రతి బాంబుకూ దాని వీపు మీద చర్మం వణుకుతోంది.

నన్ను చూసి ఆమె వేలు పెదాల మీద పెట్టుకుంది. "పిలవద్దు డాక్టరమ్మా. అదే వస్తాది."

"నువ్వు?"

బయట మళ్ళీ ఒకటి పేలింది. ఆమె కూడా ఉలిక్కిపడింది.

"గెలిచినందుకు సంతోషమే. ఓట్లేసినోళ్ళంతా మనోళ్ళే. కానీ నాకు ఈ అరుపులు పడవు. పెండ్లిలో కూడా ఇట్లే అయినాది, మా నాయన అప్పుడు అందరినీ కసిరినాడు. ఇప్పుడు ఎవరు కసురుతారు? ఒక గడియ ఈడ కూచుంటే ఊపిరాడతాది, అంతే. పోతాను. పోనని కాదు."

నేనూ ఒక బస్తా మీద కూర్చున్నాను.

వెనక నుంచి ఆయన గొంతు. "ఏమే, యాడుండావు? ఊరంతా..." అంటూ తలుపు తోశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన చూపు ముందు పిల్లి మీద పడింది. తర్వాత భార్య మీద. ఆమె లేవబోయింది.

ఆయన నా వైపు చూసి, తగ్గించిన గొంతుతో అడిగాడు. "లాగొద్దంటావా?"

"లాగొద్దు."

మెడలో దండలు ఒక్కొక్కటే తీసి బస్తా మీద పెట్టి వెళ్ళిపోయాడు. కాసేపటికి వీధిలోంచి కేక. "టపాకాయలు ఆపండప్పా! తప్పెట్లు ఊరి బయటికి తీస్కపోండి. ఆమె వస్తాది లే, తొందర పెట్టొద్దు. కూచోండి, మజ్జిగ తాగండి." ఎవరో ఏదో అన్నారు. "చెప్తే అర్థం కాదా నీకు?" అని ఆయన మామూలు గొంతు.

చప్పుడు దూరం జరిగింది. పిల్లి చెవులు మెల్లగా నిలబడ్డాయి. ముందు ముక్కు బయటికి పెట్టింది. తర్వాత ఒక కాలు. పెట్టె అంచుకు బుగ్గ రుద్దుకుని, వీపు విల్లులా సాగదీసి, ఆమె ఒళ్ళోకి ఎక్కకుండా పక్కనుంచే పోయి గిన్నెలో నీళ్ళు తాగింది. ఆమె వంటింట్లోంచి ఉప్పూ కారం పడని కోడిముక్క ఒకటి తెచ్చి దాని ముందు పెట్టింది. తినడం చూసింది. తర్వాత చీర దులుపుకుని, అద్దం లేకుండానే బొట్టు సరిచేసుకుని, బయటికి నడిచింది. జనం కూర్చునే ఉన్నారు. ఆమె కూడా కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి దండ వేశారు. అరిచినవాళ్ళెవరూ లేరు. ఆమె ఇద్దరు ముగ్గురితో మాట్లాడడం కూడా చూశాను.

నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లికి ఏడాదికోసారి సూది వేశాను. ఎప్పుడొచ్చినా పెట్టెలోనే వచ్చేది, పైన తువ్వాలు కప్పుకుని. వాళ్ళను చూసి మరికొందరు కూడా తమ పిల్లులను గోనెసంచుల్లో కాకుండా పెట్టెల్లో తేవడం మొదలుపెట్టారు. చివరిసారి ఆమె ఒక్కతే వచ్చింది. పిల్లిని చూసి పంపేటప్పుడు, పంచాయతీ ఎలా ఉందని అడిగాను.

"ఎస్సీ కాలనీలో బోరు వేయించినాను. నీళ్ళు పడినాయి కానీ ఉప్పగా ఉండాయి" అంది. "రేపు కలెక్టరాఫీసుకు పోతాండా. మా ఇంటాయన వస్తానన్నాడు. వద్దులే, నేనే పోతాను అన్నాను."

పెట్టెను రెండు చేతులతో పొదివి పట్టుకుని జీపెక్కింది.