మార్తీన్ సూపు భయం

మార్తీన్ శాస్తాన్ గీసిన బంగారు గీతకు వంక పెట్టినవాళ్ళు ఫ్రాన్సులోని లిమోజ్ ఊళ్ళో లేరు. పదహారో ఏట పింగాణీ కార్ఖానాలో చేరింది. మోచెయ్యి కొయ్యదిమ్మెకు ఆనించి, కుంచెను కదలనివ్వకుండా పట్టుకుని, పళ్ళెం ఉన్న తిరుగుడు పీటను ఎడమచేత్తో తిప్పేది. అంచు చుట్టూ గీత దానంతటదే పడేది. పెళ్ళి చేసుకోలేదు, పిల్లుల్ని పెంచలేదు. ఆమెకున్నదల్లా ఆ గీతే.

యాభై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. దిమ్మె ఆసరా ఉంటే కుదురుగానే ఉండేది. గాల్లోకి ఎత్తితే చాలు, చెంచాలోది గౌను మీదికొచ్చేది. సంగతి తెలిస్తే బంగారం దగ్గర్నుంచి లేపేసి, డబ్బాలు కట్టే గదికి పంపేస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి కుంచె పట్టింది లేదు. ఆ భయంతో ఆమె నలుగురిలో కాఫీ తాగడమే మానుకుంది.

పక్క బల్ల మీద పనిచేసే ఒడీల్‌ను ఆ ఏడాదే బంగారు గీతల గదికి పెద్దగా చేశారు. ఒడీల్ అంతకుముందు రెండుసార్లు భోజనానికి పిలిచింది. రెండుసార్లూ మార్తీన్ మర్యాదగానే చీటీ రాసి తప్పించుకుంది: ‘పిలిచినందుకు ఎంతో సంతోషం. దురదృష్టం, ఆ సాయంత్రం ముందే ఒకరికి మాటిచ్చాను. మరోసారి తప్పకుండా.’ ఆ చీటీలో కృతజ్ఞత ఉంది, విచారం ఉంది, సాకు ఉంది, ఆశ కూడా ఉంది. కానీ ‘మరోసారి’ అన్నవాళ్ళు ఆ మరోసారి ఎప్పుడో తామే చెప్పాలి. చెప్పకపోతే ‘నీ గడప తొక్కను’ అన్నట్టే లెక్క. పైగా రెండోసారి అక్క వస్తోందని రాసింది. ఆ అక్కే మర్నాడు సంతలో ఒడీల్‌కు ఎదురై, ‘మా చెల్లిని చూసి నెల దాటింది’ అని వాపోయిందట.

ఇప్పుడు మూడో కార్డు వచ్చింది.

‘ప్రియమైన మార్తీన్, వచ్చే శుక్రవారం ఎనిమిదింటికి మా ఇంటికి భోజనానికి రాగలవా? హంగులేమీ లేవు, మనం ముగ్గురమే. నువ్వొస్తే మాకెంతో సంతోషం. మంగళవారంలోగా ఒక మాట చెప్పు. ముద్దులతో, ఒడీల్.’

మార్తీన్ దాన్ని రెండుసార్లు చదివింది. ఇదేదో పరీక్షలా ఉంది, కూర్చోబెట్టి చెయ్యి చూస్తుంది కాబోలు అనుకుంది. దురదృష్టం, మాటిచ్చాను, మరోసారి అని మళ్ళీ అదే పాట రాసుకుని, సోమవారం పొద్దున్నే ఒడీల్ ఎదుట నిలబడింది.

“ఏంటే, మళ్ళీ అక్కయ్య దిగుతోందా?” అంది ఒడీల్ కుంచెలు కడుక్కుంటూ.

మార్తీన్ చీటీని జేబులోనే నలిపేసింది.

“అవెక్ ప్లేజిర్,” అనేసింది. సంతోషంగా వస్తానని. ఆ మాట అన్న మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. “తీపి ఏదైనా నేను తేనా?”

“ఏమీ వద్దు. నువ్వు రా, చాలు.”

శుక్రవారం మార్తీన్ పూలగుత్తి పట్టుకుని వెళ్ళింది. అక్కడి మర్యాద ప్రకారం పది నిమిషాలు ఆలస్యంగానే తలుపు తట్టాలి. ఆ పది నిమిషాలూ వీధి చివర నిలబడి, పారిపోదామా అని తనను తానే ప్రశ్నించుకుంది.

బల్ల దగ్గర కూర్చోగానే సూపు వాసన వచ్చింది. సూపంటే చెంచా ఎత్తాల్సిందే. ఒడీల్ తెచ్చినవి వెడల్పు పళ్ళేలు కావు, లోతు గిన్నెలు. వాటిలో గంజిలా పలచటి రసం.

ఒడీల్ మొగుడు రెమీ బల్లంతా వెతికాడు. “చెంచాలేవే?”

“కడగలేదు. పల్లెటూళ్ళలోలా కాస్త వైను పోసుకుని ఎత్తి తాగండి.”

“ఓసి నీ... సూపు తిన్నాక అడుగున మిగిలిందాంట్లో కదే వైను పోసేది! మా తాత చూస్తే గిన్నెతో కొట్టేవాడు.”

“మీ తాత పోయాడు. తాగు.”

రెమీ గొణుక్కుంటూ మూడు గిన్నెల్లోనూ వైను పోసి, తనది రెండు చేతులతో ఎత్తాడు. ఒడీల్ కూడా ఎత్తింది. చెంచాలు తీసేసింది తన కోసమేనని మార్తీన్‌కు అప్పుడు అర్థమైంది. ఆమె కూడా రెండు చేతులా ఎత్తింది. గిన్నె వణికింది. తెల్ల గుడ్డ మీద ఎర్రటి మరక పడింది.

“నా చెయ్యి వణుకుతోంది ఒడీల్,” అంది ఏడుపు గొంతుతో.

“చలికాలం నుంచీ తెలుసే. నీ కప్పులో కాఫీ ఎప్పుడూ సగమే పోసుకుంటావు, అదీ అందరూ వెళ్ళాక.”

“డబ్బాల గదికి పంపేస్తావా?”

ఒడీల్ గిన్నె దించింది. “నువ్వు గీసిన ప్రతి పళ్ళేన్నీ దీపం కింద తిప్పి చూశాను. గీత వణకలేదు. వణికిన రోజు నీకు ముందు నేనే చెప్తా, ఇంకెవరి నోటా వినవు. ఆ రోజు కూడా ఈ ఇంట్లో నీకు గిన్నె ఉంటుంది.”

మార్తీన్ భయం పోలేదు. అలాంటి భయం ఒక్క పూటలో పోదు. అయినా గిన్నె ఖాళీ చేసింది.

మర్నాడు మోచెయ్యి బల్లకు ఆనించుకుని తనే ఒక కార్డు రాసింది: ‘వచ్చే శనివారం ఎనిమిదింటికి మా ఇంటికి రాగలరా?’

మధ్యాహ్నానికే జవాబు వచ్చింది: ‘ఎంతో సంతోషంగా వస్తాం. రెమీ తన చెంచా తనే తెచ్చుకుంటాడట.’